ఆడ్ డేస్ పట్టికలో ఆ 5, 3, 1, 0 ఎక్కడివి?

తిరుపతిలో పోటీ పరీక్షలకి రీజనింగ్ చెప్తుంటాను. క్యాలెండర్ పాఠం వచ్చిందంటే పిల్లలకి తెలిసిన తేదీలే ఇస్తాను. ఈసారి ఒకమ్మాయి తనే ఒక తేదీ పట్టుకొచ్చింది. శ్రీకృష్ణదేవరాయలు మొదటిసారి తిరుమల కొండకి వచ్చింది 1513 ఫిబ్రవరి 10న అని చరిత్ర పుస్తకాల్లో ఉంది కదా సార్, అది ఏ వారం అని అడిగింది. క్లాసంతా కలిసి లెక్క వేసింది. సోమవారం వచ్చింది. నేనూ సరేనన్నాను. ఇంటికి వచ్చాక అనుమానం వచ్చి ఇంకో దారిలో లెక్కేస్తే గురువారం అని తేలింది. క్లాసులో వేసిన కూడికలో తప్పేమీ లేదు. తేడా ఎక్కడుందో చెప్పాలంటే మనం బట్టీపట్టే ఆ పట్టిక ఎలా పుట్టిందో తెలియాలి.

ముందు ఆ మాట సంగతి. ఆడ్ అనగానే తెలుగు మీడియం పిల్లలు బేసి సంఖ్య అనుకుంటారు. 2, 4 కూడా ఆడ్ డేస్ ఎలా అవుతాయి సార్ అని ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు అడుగుతారు. ఇక్కడ ఆడ్ అంటే మిగులు. రోజుల్ని ఏడేసి చొప్పున వారాలుగా కట్టేయగా చివర కట్టకి చాలక మిగిలినవే ఆడ్ డేస్. మామూలు సంవత్సరంలో 365 రోజులు, అంటే 52 వారాలు పోగా ఒక రోజు మిగులు. లీపు సంవత్సరంలో రెండు.

తిరుపతి జిల్లా మొదలైన 2022 ఏప్రిల్ 4 తీసుకుందాం. అప్పటికి పూర్తయిన సంవత్సరాలు 2021. పిల్లలు ఎక్కువగా తప్పేది ఇక్కడే, 2022 అని వేసేస్తారు. 2022 ఇంకా నడుస్తోంది కాబట్టి దాన్ని సంవత్సరంగా లెక్కపెట్టకూడదు, అందులో గడిచిన రోజుల్నే తీసుకోవాలి. 2000 సంవత్సరాలకి మిగులు సున్నా. తర్వాతి 21 ఏళ్లలో లీపు సంవత్సరాలు అయిదు, అంటే 21కి 5 కలిపితే 26, అందులో మూడు వారాలు పోతే 5. ఇక 2022లో జనవరికి 3, ఫిబ్రవరికి సున్నా, మార్చికి 3, ఏప్రిల్‌వి 4, మొత్తం 10, అంటే 3. అయిదూ మూడూ ఎనిమిది, ఏడు తీసేస్తే 1. సున్నా ఆదివారం, 1 సోమవారం. ఆ రోజు సోమవారమే, మనకందరికీ గుర్తున్న విషయమే.

చిత్తూరు జిల్లా ఏర్పడిన 1911 ఏప్రిల్ 1కి కూడా ఇలాగే వేస్తే మిగులు 6, శనివారం. ఇక్కడ 1900 సంవత్సరాలకి మిగులు 1 అని పట్టికలోంచి తెచ్చుకుంటాం. వంద ఏళ్లకి 5, రెండొందలకి 3, మూడొందలకి 1, నాలుగొందలకి 0. ఈ నాలుగు అంకెలు పిల్లలు నిద్రలో కూడా చెప్తారు. కానీ నాలుగొందల దగ్గర సున్నా ఎందుకు అని అడిగితే జవాబు రాదు.

ఏడుతో భాగించి శేషాన్ని బట్టి వారం చెప్పడం మనకి కొత్తగా వచ్చిన విద్య కాదు. పంచాంగ గణితంలో అహర్గణం అని ఒకటుంది. కలియుగం మొదలైన రోజు నుంచి కావలసిన రోజు వరకు గడిచిన మొత్తం రోజుల సంఖ్య అది. సిద్ధాంత గ్రంథాల లెక్కలో కలియుగం శుక్రవారం మొదలైంది. కాబట్టి అహర్గణాన్ని ఏడుతో భాగిస్తే శేషం సున్నా శుక్రవారం, 1 శనివారం, 2 ఆదివారం, ఇలా సాగుతుంది. 2022 ఏప్రిల్ 4కి కలి అహర్గణం 18,71,208. ఏడుతో భాగిస్తే శేషం 3, సోమవారం. మన ఊళ్లో జ్యోతిషం చదువుకునే విద్యార్థి దీన్ని అహర్గణ శేషం అంటాడు, బ్యాంకు పరీక్షకి చదివే విద్యార్థి ఆడ్ డేస్ అంటాడు. చేసే పని ఒకటే. తేడా ఏంటంటే అహర్గణానికి ఒక్కొక్క రోజు లెక్క కావాలి. ఆడ్ డేస్‌కి సంవత్సరాలు చాలు, లీపు నియమం తెలిస్తే చాలు. అసలు కథంతా ఆ లీపు నియమంలోనే ఉంది.

పాత రోమన్ లెక్కలో, అంటే జూలియన్ క్యాలెండర్‌లో, ప్రతి నాలుగో ఏడూ తప్పకుండా లీపు సంవత్సరమే. అలా చేస్తే సగటు సంవత్సరం 365 రోజుల 6 గంటలు అవుతుంది. రుతువుల చక్రం నిజంగా తిరగడానికి పట్టేది అంతకంటే సుమారు 11 నిమిషాలు తక్కువ. 11 నిమిషాలు చిన్నవే, కానీ దాదాపు 128 ఏళ్లకి ఒక రోజంత పోగవుతాయి. మార్చి 21 దగ్గర ఉండాల్సిన విషువత్తు, పగలూ రాత్రీ సమానమయ్యే రోజు, పదహారో శతాబ్దానికి మార్చి 11కి జరిగిపోయింది. ఈస్టర్ పండుగ తేదీ దాని మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి చర్చికి ఇది పెద్ద చిక్కు. ఇటలీ వైద్యుడు లిలియస్ రాసిన పథకాన్ని తీసుకుని 1582లో పోప్ పదమూడో గ్రెగరీ మార్పు ప్రకటించాడు. ఆ ఏడాది అక్టోబరు 4 గురువారం, మర్నాడు అక్టోబరు 15 శుక్రవారం. తేదీలు పది ఎగిరిపోయాయి, వారం మాత్రం ఒక్క రోజు కూడా తప్పలేదు. ఈ విషయాన్ని నేను బోర్డు మీద గీత గీసి మరీ చెప్తాను, ఎందుకంటే మిగతా కథంతా దీని మీదే నిలబడుతుంది.

మళ్లీ అలా జరగకుండా పెట్టిన నియమమే ఇప్పుడు మనం చదివేది. వందతో భాగమయ్యే సంవత్సరం లీపు కాదు, నాలుగొందలతో భాగమైతే మాత్రం లీపే. అందుకే 1700, 1800, 1900 లీపు కాదు, 1600, 2000 లీపు. ఇప్పుడు పట్టిక దానంతట అదే వస్తుంది. వంద ఏళ్లలో 24 లీపు సంవత్సరాలు, 76 మామూలువి. మిగులు 48కి 76 కలిపితే 124, ఏడుతో భాగిస్తే శేషం 5. రెండొందలకి 10, అంటే 3. మూడొందలకి 15, అంటే 1. నాలుగొందలకి 20, దానికి నాలుగొందలో సంవత్సరం లీపు అయినందుకు ఇంకొకటి కలిపితే 21, శేషం సున్నా. నాలుగొందల ఏళ్లలో 1,46,097 రోజులు, సరిగ్గా 20,871 వారాలు. ఇలా కుదరాలని ఎవరూ ప్లాన్ చేయలేదు. రుతువుల కోసం మూడు లీపు రోజులు తీసేశారు, వారాలు వాటంతట అవే సరిపోయాయి. శతాబ్దం చివరి రోజు మంగళ, గురు, శనివారాల్లో ఎప్పుడూ పడదనే బిట్ ప్రశ్న కూడా దీంట్లోంచి వచ్చిందే. మిగులు 5, 3, 1, 0 తప్ప ఇంకోటి రాదు కదా.

పాత జూలియన్ లెక్కకి ఇదే పట్టిక కడితే వందకి 25 లీపులు, మిగులు 6. తర్వాత 5, 4, 3. నాలుగొందల దగ్గర సున్నా రాదు, మూడు మిగులుతుంది. గ్రెగరీ తీసేసిన మూడు రోజులూ అవే.

1582 ముందు తేదీలకి చరిత్రకారులు వాడేది జూలియన్ లెక్క. తిరుమల శాసనాల్లో తేదీలు ఇంగ్లీషు నెలల్లో ఉండవు. శక సంవత్సరం, ప్రభవాది సంవత్సరం పేరు, మాసం, తిథి, వారం ఉంటాయి. వాటిని పంచాంగ గణితంతో సరిచూసి ఇంగ్లీషు తేదీగా మారుస్తారు. 1582కి ముందువైతే ఆ తేదీ జూలియన్‌లో రాయడం ఆనవాయితీ. మేం ఆ జూలియన్ తేదీకి గ్రెగరీ పట్టిక వేశాం, సోమవారం వచ్చింది. పట్టిక తప్పు కాదు, దానికి ఇచ్చిన తేదీ దాని క్యాలెండర్‌ది కాదు.

ఇక్కడ ఇంకో చిక్కు కూడా ఉంది. అన్ని దేశాలూ 1582లోనే మారలేదు. ఫ్రాన్స్ ఆ ఏడాదే మారింది. ఇంగ్లండు 1752 దాకా పాత లెక్కే పట్టుకుంది. క్లైవ్ ఆర్కాటు కోటను పట్టుకున్నది 1751లో. అప్పుడు మద్రాసులో ఇంగ్లీషువాళ్లు రాసుకునే తేదీకీ, పాండిచ్చేరిలో ఫ్రెంచివాళ్లు రాసుకునే తేదీకీ 11 రోజుల తేడా. రోజు అదే, వారం అదే, కాగితం మీద తేదీలు రెండు. ఇంగ్లండులో 1752 సెప్టెంబరు 2 బుధవారం, మర్నాడు సెప్టెంబరు 14 గురువారం. లైనక్స్ కంప్యూటర్ ఉన్నవాళ్లు `cal 9 1752` అని కొడితే ఆ ఖాళీ కళ్లారా కనిపిస్తుంది:

```
   September 1752
Su Mo Tu We Th Fr Sa
       1  2 14 15 16
17 18 19 20 21 22 23
24 25 26 27 28 29 30
```

మన పద్ధతిలో 1752 సెప్టెంబరు 2కి లెక్క వేస్తే మిగులు 6, శనివారం అని వస్తుంది. లండన్‌లో అది బుధవారం. అదే సెప్టెంబరు 14కి వేస్తే గురువారం, సరిపోతుంది. గీత ఎక్కడ పడిందో ఇంతకంటే స్పష్టంగా చూపించే ఉదాహరణ నాకు దొరకలేదు.

పరీక్షలో అయితే ఈ గొడవ లేదు. ప్రశ్నలు ఎక్కువగా 1900 తర్వాతి తేదీల మీదే వస్తాయి. అప్పుడప్పుడు ఒకటో సంవత్సరం జనవరి 1 ఏ వారం అని అడుగుతారు, సోమవారం అని పెట్టాలి. ఆ సోమవారం ఇప్పటి నియమాన్ని వెనక్కి లాగగా వచ్చింది, అంతే. జూలియన్ లెక్కలో ఒకటో సంవత్సరం జనవరి 1 శనివారం. సున్నా అంటే ఆదివారం అనే గుర్తు కూడా ఆ వెనక్కి లాగిన సోమవారం నుంచి వచ్చిందే. గడిచిన రోజులు ఏమీ లేనప్పుడు, అంటే ముందురోజు, ఆదివారం కావాలి కదా.

మర్నాడు క్లాసులో ఆ అమ్మాయి చేతే మళ్లీ లెక్క వేయించాను. పదహారో శతాబ్దంలో ఆ తేదీకి రెండు క్యాలెండర్ల తేడా 10 రోజులు. కాబట్టి జూలియన్ ఫిబ్రవరి 10 అంటే గ్రెగరీ లెక్కలో ఫిబ్రవరి 20. పూర్తయిన సంవత్సరాలు 1512. అందులో 1200కి సున్నా, 300కి 1, మిగతా 12 ఏళ్లలో లీపులు మూడు, 15, అంటే 1. మొత్తం 2. జనవరికి 3, ఫిబ్రవరిలో 20, కలిపితే 23, అంటే 2. రెండూ రెండూ నాలుగు, గురువారం. పక్కనే ఇంకో విద్యార్థి చేత అదే రోజుకి కలి అహర్గణం భాగించమన్నాను. 16,85,256ని ఏడుతో భాగిస్తే శేషం 6. శుక్రవారం సున్నా కాబట్టి 6 అంటే గురువారం. ఆ అబ్బాయికి గ్రెగరీ, జూలియన్ అనే మాటలే అవసరం పడలేదు.