నష్టం మీద అపోహలు: ఒక పీచు ఫ్యాక్టరీ ఐదేళ్ల లెక్క

అమలాపురంలో టాక్స్ ప్రాక్టీసు చేసేవాణ్ణి. అంబాజీపేట వైపు నుంచి వచ్చే కొబ్బరి, పీచు వ్యాపారుల నోట ఎక్కువగా వినే మాట, "నష్టమే కదండీ, రిటర్న్ ఎందుకు?" అసలు గొడవంతా అక్కడే మొదలవుతుంది.

అపోహ: నష్టం వచ్చిన ఏడాది రిటర్న్ ఆలస్యమైనా పర్వాలేదు.

కట్టాల్సిన పన్ను లేదు కాబట్టి తొందర లేదనుకుంటారు. కానీ వ్యాపార నష్టాన్ని తర్వాతి ఏళ్లకు తీసుకెళ్లాలంటే గడువులోపే రిటర్న్ వేయాలి. గడువు దాటితే ఆ ఏడాది నష్టం పోయినట్టే. తరుగుదల సంగతి వేరు. లాభం చాలక మిగిలిపోయిన తరుగుదల ఆలస్యంగా వేసినా బతికే ఉంటుంది. (మా వైపు తరుగు అంటే కొబ్బరి ఎండితే తగ్గే బరువు. ఇక్కడ తరుగుదల అంటే మెషినరీ విలువలో ఏటా తగ్గించే భాగం, డిప్రిసియేషన్.)

ఒక క్లయింటు లెక్క చూపిస్తాను. గుర్తు పట్టకుండా అంకెలు మార్చాను. 40 లక్షల మెషినరీతో పీచు ఫ్యాక్టరీ పెట్టారు. తరుగుదల 15 శాతం చొప్పున మొదటి ఏడాది 6 లక్షలు, రెండో ఏడాది మిగిలిన 34 లక్షల మీద 5.10 లక్షలు. మూడో ఏడాది నుంచి ఒక షాపు అద్దెకిచ్చారు. అద్దె 4 లక్షలు, 30 శాతం మినహాయింపు పోగా 2.80. టేబుల్‌లో అన్నీ లక్షల్లో ఉన్నాయి. లాభం అంటే ఆ ఏడాది తరుగుదల తీసేశాక మిగిలింది.

| అసెస్‌మెంట్ ఇయర్ | వ్యాపారం | అద్దె | ముందుకు వెళ్లే నష్టం | ముందుకు వెళ్లే తరుగుదల | పన్ను పడే ఆదాయం |
|---|---|---|---|---|---|
| 2020-21 | నష్టం 10.00, తరుగుదల 6.00 | – | 10.00 | 6.00 | 0 |
| 2021-22 | నష్టం 4.00, తరుగుదల 5.10 | – | 10.00 | 11.10 | 0 |
| 2022-23 | లాభం 4.00 | 2.80 | 6.00 | 8.30 | 0 |
| 2023-24 | లాభం 8.00 | 2.80 | 0 | 3.50 | 0 |
| 2024-25 | లాభం 9.00 | 2.80 | 0 | 0 | 8.30 |

రెండో వరుస చూడండి. ఆ ఏడాది ఆడిట్ అవసరం లేనివాళ్లకు గడువును 2021 డిసెంబర్ 31 దాకా పొడిగించారు. అయినా ఆయన ఫిబ్రవరిలో వచ్చారు. 4 లక్షల నష్టం పోయింది, తరుగుదల 5.10 మాత్రం పాత 6 లక్షలతో కలిసింది.

అపోహ: పాత నష్టాన్ని ఏ ఆదాయంలోనైనా తీసేసుకోవచ్చు.

మూడో వరుసలో ఆయన అడిగింది ఇదే. "10 లక్షల నష్టం ఉంది కదా ఆడిటర్ గారూ, అద్దెలోనూ అదే తీసేయండి." కుదరదు. నష్టం వచ్చిన ఏడాదే అయితే జీతం తప్ప ఇతర ఆదాయంలో చాలా వరకు సర్దుకోవచ్చు. మరుసటి ఏడాది నుంచి అది వ్యాపార లాభంలోనే సర్దుబాటవుతుంది. అందుకే 4 లక్షల లాభానికి పాత నష్టం తీశాం, 2.80 అద్దెకు పాత తరుగుదల తీశాం. మిగిలిపోయిన తరుగుదలను అద్దె ఆదాయం మీద కూడా వాడుకోవచ్చు, నష్టానికి ఉన్నట్టు దానికి ఎనిమిదేళ్ల గడువూ లేదు.

వరుస కూడా మన ఇష్టం కాదు. ముందు ఈ ఏడాది తరుగుదల, తర్వాత పాత నష్టం, ఆ తర్వాతే పాత తరుగుదల. నష్టానికి గడువు ఉంది కాబట్టి ఈ వరుస మనకే మేలు. 2023-24లో 8 లక్షల లాభంలో ముందు 6 లక్షల నష్టం పోయింది. మిగిలిన 2 లక్షలకు, అద్దె 2.80కి కలిపి 4.80 తరుగుదల ఖర్చయింది.

అపోహ: పన్ను ఎలాగూ పడని ఏడాది నష్టాన్ని దాచుకోవచ్చు.

ఇది కొంచెం తెలివైనవాళ్ల అపోహ. 2022-23లో అద్దె 2.80 ఒక్కటే మిగిలితే రిబేటుతో పన్ను ఎలాగూ సున్నాయే, మరి తరుగుదల ఎందుకు వృథా చేశారని ఆయనకు బాధ. న్యాయమైన ప్రశ్నే. కానీ సర్దుబాటుకు చోటున్న ఏడాది దాన్ని వదిలేసి, తర్వాత ఏడాది వాడతామంటే చట్టం ఒప్పుకోదు.

అపోహ: ఎనిమిదేళ్లు ఫ్యాక్టరీ పెట్టిన రోజు నుంచి లెక్క.

కాదు. ఏ ఏడాది నష్టానికి ఆ ఏడాది గడువే. 2020-21 నష్టాన్ని 2028-29 దాకా వాడుకోవచ్చు. ఫ్యాక్టరీ మూసేసి వేరే వ్యాపారం పెట్టినా ఆ లాభంలో సర్దుకోవచ్చు. సొంత తోట కొబ్బరి ఆదాయం మీద పన్ను లేదు కాబట్టి ఆ నష్టాన్ని అక్కడ వాడే ప్రసక్తే లేదు.

ఇక చివరి వరుస. 8.30 లక్షల మీద ఆ ఏడాది కొత్త విధానంలో పన్ను 38,000, సెస్సుతో 39,520. ఆ పోయిన 4 లక్షలు ఉండుంటే పన్ను పడే ఆదాయం 4.30 లక్షలకు దిగేది, రిబేటుతో పన్ను సున్నా అయ్యేది. ఫిబ్రవరికి ఆలస్యమైనందుకు పడిన మోత అది, మూడేళ్ల తర్వాత తెలిసింది.

మీ పాత రిటర్న్ కాపీలో సెక్షన్ దగ్గర 139(1) అని ఉంటే సరే. 139(4) ఉంటే ఆ ఏడాది వ్యాపార నష్టం ముందుకు రాదు. ITR-3లో Schedule CFL నష్టాలకు, Schedule UD తరుగుదలకు. గత ఏడాది చివరి అంకె, ఈ ఏడాది మొదటి అంకె ఒకటేనా కాదా అన్నది అక్కడ సరిచూసుకోండి.