బయట 24 డిగ్రీలు, ఇంజిన్‌కు చెప్పేది 58

టేకాఫ్‌కు ముందు పైలట్లు తమ విమానానికి తెలిసి తెలిసి ఒక అబద్ధం చెబుతారు. బయట 24 డిగ్రీలే ఉన్నా, ఎయిర్‌బస్ ఎ320లో ఫ్లెక్స్ టెంపరేచర్ 58 అని టైప్ చేస్తారు. ఇంజిన్ తోపుడు బలాన్ని, అంటే థ్రస్ట్‌ను, పెంచే లీవర్లను చివరిదాకా, అంటే పూర్తి థ్రస్ట్ ఇచ్చే TOGA వరకు, తోయకుండా దానికి ముందున్న FLX గాడిలో ఆపుతారు. ఎదుట తెరపై MAN FLX 58 అని కనిపిస్తుంది.

బయటి వేడి ఒక హద్దు దాటనంత వరకు జెట్ ఇంజిన్ పూర్తి థ్రస్ట్ ఇస్తుంది. చాలా ఇంజిన్లకు సముద్ర మట్టంలో ఆ హద్దు 30 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. అంతకన్నా ఎండ ముదిరితే, టర్బైన్ మరీ కాలిపోకుండా థ్రస్ట్ తగ్గించాలి. కాబట్టి 58 అని చెప్తే, అంత ఎండలో ఇవ్వగలిగినంతే ఇంజిన్ ఇస్తుంది.

ఆ 58 ఎక్కడిది? ఈ బరువుతో, ఈ రన్‌వే మీద, గరిష్ఠంగా ఎంత వేడి వరకు నిబంధనల ప్రకారం ఎగరగలమో లెక్క వేస్తారు. మధ్యలో ఒక ఇంజిన్ ఆగిపోయినా సరిపోవాలి. రన్‌వే పొడవుగా ఉండి బరువు తక్కువైతే ఆ అంకె పైకి పోతుంది. అయినా పూర్తి థ్రస్ట్‌లో 25 శాతానికి మించి తగ్గించకూడదు. రన్‌వేపై నీళ్లు నిలిచినా, మంచు పేరుకున్నా ఈ పద్ధతి పనికిరాదు.

ఇందులో నాకు బాగా నచ్చేది ఒకటుంది. నిజానికి గాలి చల్లగా, చిక్కగా ఉంది కదా! కాక్‌పిట్‌లోని వేగమాపకం అదే వేగం చూపినా నేల మీద పరుగు నెమ్మదిగానే ఉంటుంది, థ్రస్ట్ కూడా లెక్కకన్నా కాస్త ఎక్కువే వస్తుంది. అందుకే లెక్కలో వచ్చిన దూరం కన్నా ముందే విమానం లేస్తుంది.

లాభమంతా టర్బైన్ బ్లేడ్లదే. ఎర్రగా కాలుతూ గిర్రున తిరిగే బ్లేడు తన ఊపుకు తానే కొంచెం కొంచెంగా సాగుతుంది. దీన్ని క్రీప్ అంటారు. వేడి కొద్దిగా తగ్గినా ఈ సాగుడు బాగా తగ్గుతుంది. ఇంధనం మిగులుతుందని కొందరు అనుకుంటారు గానీ, పైకెక్కడం నెమ్మదిస్తుంది కాబట్టి ఒక్కోసారి కాస్త ఎక్కువే ఖర్చవుతుంది.

అయితే లెక్కలోకి వెళ్లే బరువు తప్పయితే? 2009 మార్చి 20న మెల్‌బోర్న్‌లో ఎమిరేట్స్ ఎ340-500కు 362.9 టన్నులకు బదులు 262.9 అని పడింది. ఒక్క అంకె తేడా. ఫ్లెక్స్ 43 రావలసిన చోట 74 వచ్చింది, ముక్కు పైకెత్తాల్సిన వేగం కూడా తక్కువగా వచ్చింది. పైలట్ ముక్కు ఎత్తాడు, తోక రన్‌వేను రాసుకుంది, విమానం లేవలేదు. కెప్టెన్ వెంటనే లీవర్లను TOGAకు తోశాడు. అబద్ధం చెప్పినా పూర్తి థ్రస్ట్ ఎప్పుడూ చేతిలోనే ఉంటుంది. రన్‌వే అయిపోయాక విమానం గాల్లోకి లేచింది, అవతలి యాంటెనాను గుద్దుకుంటూ వెళ్లి, తిరిగొచ్చి క్షేమంగా దిగింది.