కైరల్ కార్బన్ లేకపోతే R, S రాయలేమా? కొన్ని అపోహలు - వాస్తవాలు

అపోహ: నాలుగు వేర్వేరు గ్రూపులున్న కార్బన్ ఒక్కటైనా లేకపోతే అణువు కైరల్ కాదు.

వాస్తవం: CH3-CH=C=CH-CH3 తీసుకోండి. ఈ ఎలీన్‌లో అలాంటి కార్బన్ లేదు. కానీ మధ్య కార్బన్ మీది రెండు π బంధాలు ఒకదానికొకటి లంబంగా ఉంటాయి. అందుకే ఒక చివరి CH3, H నిలువుగా ఉంటే, రెండో చివరివి అడ్డంగా ఉంటాయి. దీని అద్దంలోని రూపాన్ని దీని మీద సరిగ్గా పేర్చలేం, కైరల్ అంటే అదే. వాంట్ హాఫ్ 1875లోనే ఈ మాట చెప్పాడు, ప్రయోగంలో తేలేసరికి 1935 వచ్చింది. షరతు ఒక్కటే: ఏ చివర చూసినా అక్కడి రెండు గ్రూపులూ వేరుగా ఉండాలి. ఒక చివర రెండూ CH3 అయితే కైరాలిటీ పోయినట్టే.

అపోహ: ఎలీన్ అక్షాన్ని, అంటే C=C=C గీతను, ఇటు నుంచి చూస్తే R, అటు నుంచి చూస్తే S వస్తుంది.

వాస్తవం: నేను దిద్దే పేపర్లలో ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే. నియమం ఇది: మనకు దగ్గరున్న జంటకు 1, 2, దూరంగా ఉన్న జంటకు 3, 4. దగ్గర CH3 పైన (1), H కింద (2), వెనక CH3 కుడివైపు (3), H ఎడమవైపు (4) అనుకుందాం. 1 నుంచి 2కి, అక్కడి నుంచి 3కి వెళ్ళాలి. కింద నుంచి కుడికి పావు చుట్టు తిరిగితే అది గడియారానికి ఎదురు దిశ, కాబట్టి Sa, అంటే అక్షానికి చెందిన S. ఇప్పుడు అటువైపు వెళ్ళి చూడండి. కుడి ఎడమలు తారుమారవుతాయి, అంకెలు కూడా మారతాయి: ఎడమ CH3 1, కుడి H 2, పైన CH3 3. కుడి నుంచి పైకి తిరిగినా ఎదురు దిశే, మళ్ళీ Sa. బోల్టు మరను ఏ కొస నుంచి చూసినా అది కుడి మరే కదా! పిల్లలు చేసే పొరపాటు ఏమిటంటే, చూసే వైపు మార్చి అంకెలు మాత్రం పాతవే ఉంచేస్తారు.

అపోహ: బైనాల్‌లో రెండు నాఫ్తలీన్లూ ఒకటే, ఇక ప్రాధాన్యం దేనికివ్వాలి?

వాస్తవం: రింగులను పోల్చనక్కర్లేదు. ఇక్కడ అక్షం అంటే రెండు నాఫ్తలీన్లను కలిపే సింగిల్ బాండ్. దాని పక్కనున్న ఆర్థో కార్బన్లను పోల్చితే చాలు. OH ఉన్న C2కి (O,C,C), C8aకి (C,C,C), కాబట్టి C2దే పైచేయి. దగ్గరి C2 పైన, వెనక C2 కుడివైపు ఉంటే పైన వేసిన లెక్కే, Sa.

అపోహ: బోర్డు మీద రెండు రూపాలు గీయగలిగితే సీసాలో కూడా విడివిడిగా ఉంటాయి.

వాస్తవం: ఎలీన్‌లో డబుల్ బాండ్లు పట్టి ఉంచుతాయి. బైనాల్ లాంటి బైఅరైల్‌లో పట్టి ఉంచేది ఆర్థో గ్రూపుల రాపిడి మాత్రమే. కొలిచే ఉష్ణోగ్రతలో ఒక రూపం రెండోదిగా మారే అర్ధాయువు కనీసం 1000 సెకన్లు ఉంటేనే వాటిని అట్రోపైసోమర్లు అంటారు. గది ఉష్ణోగ్రత దగ్గర దీనికి మోల్‌కు సుమారు 93 కిలోజౌళ్ళ అడ్డు కావాలి. బైనాల్ ఈ గీతను సునాయాసంగా దాటేస్తుంది. OHలు తీసేసిన 1,1'-బైనాఫ్తైల్ మాత్రం 50 డిగ్రీల దగ్గర నిమిషాల్లోనే రేసిమిక్, అంటే రెండు రూపాల సమాన మిశ్రమం, అయిపోతుంది. అడ్డు తక్కువని, రెండు రూపాలను విడదీసే కైరల్ కాలమ్ ముందే చెబుతుంది: రెండు పీకుల మధ్య బేస్‌లైన్ కిందికి దిగదు, వంతెనలా పైనే ఉండిపోతుంది. కాలమ్‌ను చల్లబరిస్తే ఆ వంతెన తగ్గుతుంది.