వైట్‌బోర్డు ఫొటోలో తప్పు అక్షరాన్ని సరిదిద్దడం: అపోహలు - వాస్తవాలు

కోచింగ్ సెంటర్ల ప్రకటనలకూ పాఠాల నోట్సుకూ ఫొటోలు సరిచేసే మాకు తరచుగా వచ్చే పని ఇది. జీవశాస్త్రం తరగతిలో తీసిన ఫొటోలో, నీలం మార్కరుతో ‘శ్వాసక్రియ’కు బదులు ‘శ్వాశక్రియ’ అని ఉంది అనుకుందాం. బోర్డు కుడివైపున ట్యూబులైటు మెరుపు పడి, దాని అంచు సరిగ్గా ఈ మాట మీదుగా పోతోంది. మార్చవలసింది ఒక్క అక్షరమే అయినా, ఈ పని గురించి ఉన్న అపోహలన్నీ ఆ ఒక్క అక్షరం దగ్గరే బయటపడతాయి.

అపోహ: బోర్డు తెల్లనిదే కాబట్టి తెల్లరంగు పూసి తప్పును చెరిపేయవచ్చు.

వాస్తవం: ఫొటోలో ఏ బోర్డూ అచ్చమైన తెలుపుగా ఉండదు. కిటికీ వైపు కాస్త నీలంగా, గోడ నీడ పడిన వైపు బూడిదగా మారుతూ ఉంటుంది. దాని మీద నాయిస్ అనే కెమెరా నలుసూ, డస్టరు సరిగా తుడవని పాత రాతల ఛాయా ఉంటాయి. తెల్లరంగు పూసిన చోట ఇవన్నీ ఒకేసారి మాయమై, అతుకు వేసిన కాగితం ముక్కలా కనిపిస్తుంది. అందుకే పక్కనున్న ఖాళీ బోర్డునే క్లోన్ స్టాంపుతో తెచ్చుకోవాలి. మెరుపు ఒక వైపు నుంచి మరో వైపుకు క్రమంగా పెరుగుతుంది కనుక, మెరుపు అంచుకు తప్పు అక్షరం ఎంత దూరంలో ఉందో అంతే దూరంలో ఉన్న చోటును, అంటే దానికి నేరుగా పైనో కిందనో ఉన్న చోటును, నమూనాగా తీసుకోవాలి. హీలింగ్ బ్రష్ సులువుగా కనిపిస్తుంది గానీ, మిగిలిన గీతలకు దగ్గరగా వాడితే వాటి నీలాన్ని లాగి మరక చేస్తుంది. మన మాటలో ‘క్రి’కి ఉన్న రావత్తు ఎడమవైపుకు వంగి ‘శ’ కిందకు వస్తుంది కాబట్టి, ముందు దానిని సెలక్షనుతో కాపాడుకున్నాకే చెరపడం మొదలుపెట్టాలి.

అపోహ: చేతిరాతలా ఉండే ఫాంటుతో కొత్త అక్షరం టైపు చేస్తే సరిపోతుంది.

వాస్తవం: మార్కరు సిరా బోర్డులోకి ఇంకదు, పైన పల్చని పొరగా నిలుస్తుంది. చేయి వేగంగా కదిలిన చోట పొర పలచబడి బోర్డు కనిపిస్తుంది. గీత ఆగిన చోటా, రెండు గీతలు కలిసిన చోటా చిక్కబడుతుంది. ఫాంటులో ఇవేవీ ఉండవు. అంతకన్నా మేలైన దారి అదే బోర్డు మీద, అదే చేయి, అదే మార్కరుతో రాసిన ‘స’ను వెతకడం. కింది వరుసలో ‘విసర్జన’ అని ఉంటే అక్కడి ‘స’ను చుట్టూ కొంత తెలుపుతో సహా కాపీ చేసి, కొత్త పొరగా పెట్టి, మల్టిప్లై విధానంలోకి మార్చాలి. లెవెల్స్‌లో ఆ పొర నేపథ్యం 255కు, అంటే అచ్చమైన తెలుపుకు, చేరేదాకా తెలుపును పెంచితే, మల్టిప్లైలో తెలుపు కింది చిత్రాన్ని మార్చదు గనుక నేపథ్యం తనంతట తాను కనుమరుగవుతుంది. కత్తిరించిన అంచులు ఉండవు, సిరా పలచదనం దాదాపు అలాగే మిగులుతుంది. అయితే తెలుపును మరీ పెంచితే పలుచని గీతలు తెగిపోతాయి. బోర్డును పక్కనుంచి తీసి ఉంటే, దూరపు అక్షరాలు చిన్నవిగా పడతాయి కాబట్టి పరిమాణాన్నీ వాలునూ పొరుగు అక్షరాలతో సరిపోల్చాలి. ఒకే ‘స’ను రెండు చోట్ల వాడకపోవడం మంచిది, కవలల్లా ఉన్న అక్షరాలను కన్ను త్వరగా పట్టేస్తుంది.

అపోహ: మెరుపు బోర్డుది మాత్రమే, అక్షరం నల్లగానో నీలంగానో అలాగే ఉంటుంది.

వాస్తవం: ఎక్కువ మంది చేతిలో ఫొటో పట్టుబడేది ఇక్కడే. ట్యూబులైటు ప్రతిబింబం సిరా మీద కూడా పడి, దాని రంగుకు అదనంగా వెలుగు చేరుస్తుంది. అందువల్ల మెరుపులోని సిరా వెలిసిపోయి బూడిదరంగుకు దగ్గరవుతుంది. మల్టిప్లై మాత్రం చీకటినే చేర్చగలదు, కాబట్టి నీడలో నుంచి తెచ్చిన ‘స’ మెరుపు అంచున అసహజంగా ముదురుగా నిలుస్తుంది. దానికి మాస్కు పెట్టి, మెరుపు వైపుకు వెళ్తున్నకొద్దీ మెత్తని బ్రష్‌తో పొరను పలచబరచాలి. ఎంత అన్నది ఊహించనక్కరలేదు: అదే మెరుపు తాకిన పక్క అక్షరం మీద ఐడ్రాపర్ పెట్టి, అత్యంత ముదురు చోటు విలువను చూసి, మన అక్షరాన్ని అక్కడికి తేవాలి. అక్షరం పైన విడిగా తెల్లని మెరుపు గీత వేయడం మాత్రం నాకు నచ్చని పద్ధతి. అది సిరాను గాజు మీద అంటించినట్టు చేస్తుంది.

మెరుపు నడిమధ్యన బోర్డు పూర్తిగా 255కు చేరి, పక్క అక్షరాలే సగం మాయమై ఉంటే, సరిపోల్చుకోవడానికి ఆధారం ఉండదు. అలాంటప్పుడు బోర్డు ఇంకా తుడవకపోతే, అధ్యాపకుడితోనే సరిచేయించి మళ్లీ ఫొటో తీయడం మేలు.

అపోహ: మామూలుగా చూసి తేడా కనిపించకపోతే పని పూర్తయినట్టే.

వాస్తవం: అన్నిటికీ పైన ఒక కర్వ్స్ పొర పెట్టి, లేత రంగుల దగ్గర గీతను బాగా నిటారుగా లాగి చూడాలి. కంటికి ఆనని అతుకులు మచ్చలుగా బయటపడతాయి. అతుకు చుట్టుపక్కల కన్నా నున్నగా కనిపిస్తే, అక్కడ నలుసు పోయిందని అర్థం. కొద్దిగా నాయిస్ చేర్చాలి. పరీక్ష అయ్యాక ఆ కర్వ్స్ పొరను తీసేసి, జేపెగ్‌గా ఒక్కసారే సేవ్ చేయాలి.