కరెంటు పోయినప్పుడు ఆడే ఫోన్ ఆటలు: అపోహలు - వాస్తవాలు

నేను మొబైల్ ఆటలు తయారుచేస్తాను. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని ఇళ్లలో ఆడుకునే ఆటల గురించి నాకు తరచూ వినిపించే మాటలు ఇవి.

అపోహ: సైజు తక్కువ ఉన్న ఆట చార్జింగ్ తక్కువ తింటుంది.

వాస్తవం: సైజు చిన్నదైతే డౌన్‌లోడ్ త్వరగా అవుతుంది, అంతే. చార్జింగ్ ఎంత పోతుందన్నది ఆట తన బొమ్మను సెకనుకు ఎన్నిసార్లు మళ్లీ గీస్తుందన్న దాన్ని బట్టి ఎక్కువగా ఉంటుంది.

పులి-మేక ఆటనే తీసుకోండి. మూడు పులులు, పదిహేను మేకలు. ఆడేవాళ్లు ఎత్తు ఆలోచిస్తున్నంతసేపూ బోర్డు మీద ఏదీ కదలదు, కాబట్టి గీయాల్సిన పనీ లేదు. కానీ ఆటలు తయారుచేయడానికి వాడే గేమ్ ఇంజిన్లు మామూలుగా సెకనుకు 30 నుంచి 60 సార్లు అదే బోర్డును గీస్తూ కూర్చుంటాయి. అంటే నిమిషం ఆలోచిస్తే 60 చొప్పున 3,600 సార్లు! గోడాట్ అనే ఇంజిన్‌లో Low Processor Mode పెడితే మార్పు వచ్చినప్పుడే గీస్తుంది. యూనిటీ అనే ఇంజిన్‌లో `OnDemandRendering.renderFrameInterval` పెంచి, గీసే సార్లు తగ్గించుకోవచ్చు.

ఇవన్నీ సరిగ్గా పెట్టాక కూడా ఒక చిన్న సోకు మొత్తం పాడుచేస్తుంది. ‘ఇప్పుడు నీ వంతు’ అని చెప్పడానికి పులి చుట్టూ మెరుస్తూ ఉండే వెలుగు. అది మెరిసినంతసేపూ తెర మళ్లీ మళ్లీ గీయాల్సిందే. దాని బదులు కదలని రంగు గీత ఒకటి చాలు. ఆడేవాళ్లు దీన్ని సులువుగా కనిపెట్టొచ్చు: ఏమీ నొక్కకుండా పది నిమిషాలు వదిలేసినా ఫోన్ వేడెక్కుతోందంటే ఆట ఊరికే పనిచేస్తోందని అనుమానించాలి.

అపోహ: నల్ల బ్యాక్‌గ్రౌండ్ పెడితే చార్జింగ్ మిగులుతుంది.

వాస్తవం: ఓఎల్‌ఈడీ తెర అయితే నిజమే, అక్కడ నల్లచుక్క వెలగదు. చవక ఫోన్లలో ఎక్కువగా ఉండే ఎల్‌సీడీ తెరలో వెనక లైటు ఎలాగూ వెలుగుతూనే ఉంటుంది. అక్కడ మిగిలేది బ్రైట్‌నెస్ తగ్గిస్తేనే. చీకట్లో ఆడేటప్పుడు తగ్గించినా ఇబ్బంది లేదు, అయితే తక్కువ వెలుతురులోనూ పులీ మేకా తేడా తెలిసేలా బొమ్మలు వేయడం మా పని.

అపోహ: ఒక్కరే ఆడే ఆటకు నెట్‌తో పనిలేదు.

వాస్తవం: ఆటకు లేకపోవచ్చు, యాడ్‌లకు ఉంటుంది. యాడ్ దిగిపోయాక కూడా ఫోన్‌లోని సిగ్నల్ అందుకునే రేడియో భాగం కొన్ని సెకన్లు మేలుకునే ఉంటుంది, సిగ్నల్ బలహీనంగా ఉంటే ఇంకా ఎక్కువ కష్టపడుతుంది. మొబైల్ డేటా ఆపేసి ఆడండి. ఫ్లైట్ మోడ్ మాత్రం వద్దు, ఇంటికి రావలసిన ఫోన్లు కూడా ఆగిపోతాయి.

అపోహ: ఆట మూసేటప్పుడు సేవ్ అయితే చాలు.

వాస్తవం: పాత బ్యాటరీ పది శాతం చూపిస్తూనే ఠక్కున ఆరిపోగలదు. అప్పుడు ఆటను మూసే అవకాశమే రాదు. అందుకే ఎత్తు వేసిన వెంటనే సేవ్ చేయాలి. పులి-మేక బోర్డులో ఉండేవి 23 చోట్లే కాబట్టి ఎక్కడ ఏముందో, వంతు ఎవరిదో, ఇంకా పెట్టని మేకలెన్నో రాసుకోవడానికి ఒక్క లైను సరిపోతుంది.