లాకర్‌లో ముప్పై తులాలు, బ్యాంకు పూచీ మూడు తులాలు

బంగారం ఇంట్లో ఉంచాలా, బ్యాంకు లాకర్‌లో పెట్టాలా అన్న చర్చ పెళ్లిళ్ల సీజన్ రాగానే మన ఇళ్లలో మొదలవుతుంది. లాకర్‌లో పెడితే ఇక టెన్షన్ లేదన్నది చాలామంది నమ్మకం. పోతే బ్యాంకే ఇస్తుందిలే అనుకుంటారు. బ్యాంకు నిజానికి ఎంత ఇస్తుందన్నది 2021 వరకు ఏ నిబంధనలోనూ స్పష్టంగా లేదు. అది తేలడానికి కోల్‌కతాలోని ఒక ఖాతాదారు పాతికేళ్లకు పైగా పోరాడాల్సి వచ్చింది.

అమితాభ దాస్‌గుప్తా తల్లి 1950ల్లో కోల్‌కతాలోని యునైటెడ్ బ్యాంక్ ఆఫ్ ఇండియా శాఖలో లాకర్ తీసుకున్నారు. తర్వాత ఆయన అందులో జాయింట్ హోల్డర్ అయ్యారు. 1995 మేలో లాకర్ తెరవడానికి వెళితే, అద్దె కట్టలేదని అంతకుముందు ఏడాదే దాన్ని పగలగొట్టి వేరేవాళ్లకు ఇచ్చేశామని బ్యాంకు చెప్పింది. నిజానికి అద్దె బకాయి ఏమీ లేదు. ఆ తర్వాత బ్యాంకే పొరపాటును ఒప్పుకుంది. నగలు తెచ్చుకుందామని వెళ్లిన ఆయనకు సీలు కూడా లేని కవరులో రెండు నగలు ఇచ్చారు. తాను పెట్టినవి ఏడని ఆయన, లాకర్‌లో దొరికినవి రెండేనని బ్యాంకు వాదించారు.

వినియోగదారుల ఫోరం నుంచి సుప్రీంకోర్టు దాకా కేసును సాగదీసింది ఈ ప్రశ్నే. లోపల ఏముందో ఎవరికి తెలుసు? మనం ఏం పెడుతున్నామో బ్యాంకు చూడదు, రాసుకోదు. లాకర్ సౌకర్యంలోని గోప్యత అదే, చిక్కూ అదే. బ్యాంకులు చాలాకాలం దీన్నే అడ్డం పెట్టుకున్నాయి. లాకర్ ఒప్పందమంటే ఇంటి యజమానికీ అద్దెదారుకీ మధ్య ఉండేలాంటిదేననీ, లోపలి వస్తువులతో తమకు సంబంధం లేదనీ అనేవి. 2017లో సమాచార హక్కు దరఖాస్తుకు ప్రభుత్వ రంగ బ్యాంకులు ఇచ్చిన జవాబుల సారాంశం కూడా ఇదే.

2021 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. లాకర్ భద్రత విషయంలో బ్యాంకు చేతులు దులుపుకోవడానికి వీల్లేదని చెప్పి, దాస్‌గుప్తాకు 5 లక్షల రూపాయలు చెల్లించాలని ఆదేశించింది. ఖర్చుల కింద మరో లక్ష ఇమ్మంది. ఆరు నెలల్లో నిబంధనలు తేవాలని రిజర్వు బ్యాంకును కోరింది. లాకర్‌లో ఎన్ని నగలున్నాయన్న సంగతి మాత్రం తాను తేల్చలేదు. అది సాక్ష్యాలతో సివిల్ కోర్టులో తేల్చుకోవాల్సిందేనంది.

అదే ఏడాది ఆగస్టు 18న రిజర్వు బ్యాంకు నిబంధనలు విడుదల చేసింది. 2022 జనవరి 1 నుంచి అవి అమల్లోకి వచ్చాయి. అగ్నిప్రమాదం, దొంగతనం, దోపిడీ, భవనం కూలడం, ఉద్యోగుల మోసం వల్ల నష్టం జరిగితే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్లు. లోపల ఏముందో తెలియదు కాబట్టి, తెలిసిన ఒకే ఒక్క అంకె అయిన అద్దెను కొలమానంగా పెట్టుకున్నారు. పూర్తిగా గాలిలో ఉన్న హక్కుకు ఒక అంకె వచ్చినందువల్ల ఇది పెద్ద అడుగే. అయితే ఆ అంకె ఎంత చిన్నదో లెక్క వేసి చూడాలి.

ఒక కుటుంబానికి 30 తులాలు, అంటే 300 గ్రాముల బంగారం ఉందనుకుందాం. లెక్క సులువుగా ఉండటానికి గ్రాము 10,000 రూపాయలు అనుకుంటే విలువ 30 లక్షలు. లాకర్ అద్దె ఏడాదికి 3,000, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే 3,540. లాకర్ దొంగల పాలైతే బ్యాంకు ఇవ్వాల్సింది 3,000కు వంద రెట్లు, అంటే 3 లక్షలు. ఆ డబ్బుకు వచ్చేది మూడు తులాలు. బంగారం ధర పెరిగితే మూడు తులాలు కూడా రావు, ఎందుకంటే పరిహారం అద్దెను బట్టి పెరుగుతుంది కానీ బంగారాన్ని బట్టి కాదు.

వరద, భూకంపం, పిడుగుపాటు వంటి ప్రకృతి విపత్తులకు ఆ మూడు లక్షలు కూడా లేవు. బుడమేరు పొంగి 2024 సెప్టెంబరులో విజయవాడ ఎలా మునిగిందో చూశాం. అలాంటి చోట గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉన్న లాకర్ గదిలోకి నీళ్లొస్తే బంగారం కరిగిపోదు కానీ, దస్తావేజులు, బాండ్లు, ముత్యాల పేటలు పాడైతే అడగడానికి ఆస్కారం లేదు. ఇలాంటివాటి నుంచి కాపాడేందుకు తగిన ఏర్పాట్లు చేయాల్సిన బాధ్యత బ్యాంకుకు ఉంది, అంతే.

ఇక్కడ ఒక తేడా తెలియక చాలామంది కంగారు పడతారు. 2024 నవంబరులో వరంగల్ జిల్లా రాయపర్తి ఎస్‌బీఐ శాఖలో దొంగలు 19 కిలోల బంగారం ఎత్తుకుపోయారు. అది ఖాతాదారులు రుణానికి తాకట్టు పెట్టిన బంగారం. తాకట్టు బంగారాన్ని బ్యాంకు తూకం వేసి, నాణ్యత చూసి, రసీదు ఇచ్చి తన కస్టడీలోకి తీసుకుంటుంది. ఎవరిది ఎన్ని గ్రాములో రికార్డు ఉంటుంది కాబట్టి పోయినదాన్ని లెక్కగట్టవచ్చు. అదే ఏడాది డిసెంబరులో లక్నోలోని చిన్‌హట్‌లో ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు గోడకు కన్నం వేసి పగలగొట్టినవి మాత్రం 42 అద్దె లాకర్లు. అలాంటి లాకర్‌లో ఏముండేదో చెప్పాల్సింది ఖాతాదారే.

మరి ఇంట్లోనే ఉంచుకుంటే? ఇంటి బీరువా దొంగకు అడ్డు కాదు. చిన్న డిజిటల్ లాకర్ బాక్సులూ అంతే. గోడకో నేలకో బోల్టులతో బిగించకపోతే పెట్టెతో సహా ఎత్తుకుపోతారు. కొనేటప్పుడు అది మంటలను తట్టుకునేదా, పగలగొట్టకుండా ఆపేదా అని అడగాలి. ఈ రెండూ వేర్వేరు పరీక్షలు. ఊరికి వెళ్లేటప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో, తాళం వేసిన ఇళ్లపై నిఘా ఉంచే పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ ద్వారా కెమెరా పెట్టించుకోవచ్చు. అది కాపలాకు తోడు మాత్రమే, నష్టపరిహారం కాదు.

ఇంటి బీమాలో ఖాళీలు మరీ ఎక్కువ. 2021 ఏప్రిల్ నుంచి వచ్చిన భారత్ గృహ రక్ష పాలసీ ప్రధానంగా అగ్నిప్రమాదాలు, ప్రకృతి విపత్తుల కోసం. అందులో నగల వంటి విలువైన వస్తువులకు విడిగా కవర్ తీసుకోకపోతే వర్తించదు. మామూలు దొంగతనానికి వేరే బర్గ్‌లరీ కవర్ కావాలి. దాన్ని తీసుకున్నా చాలా పాలసీలు తలుపో కిటికీయో బలవంతంగా పగలగొట్టిన ఆనవాలు అడుగుతాయి. పనిమనిషి గానీ ఇంట్లోవాళ్లు గానీ తీశారని తేలితే మినహాయిస్తాయి. బీరువా తాళంచెవి తలగడ కింద దొరికి దొంగ దానితోనే తెరిస్తే, తాళంచెవిని బెదిరించి లాక్కోలేదు కాబట్టి క్లెయిమ్ రాకపోవచ్చు. మన ఇళ్లలో తాళంచెవులు ఎక్కడ ఉంటాయో మనకు తెలిసిందే. పాలసీలో రాసిన రోజులకు మించి ఇల్లు మూసి ఉంటే కూడా పేచీ పెడతారు. పిల్లల దగ్గరికి నెలల తరబడి అమెరికా వెళ్లే తల్లిదండ్రులు ముందుగా చూసుకోవాల్సింది ఈ నిబంధననే.

లాకర్‌లోని నగలకు బ్యాంకు బీమా అమ్మకూడదని రిజర్వు బ్యాంకు స్పష్టంగా చెప్పింది. కాబట్టి బీమా కంపెనీ దగ్గరే, లాకర్ నంబరు, శాఖ చిరునామా పాలసీలో కనబడేలా తీసుకోవాలి. అక్కడా అడిగేది లోపల ఏముందన్న పాత ప్రశ్నే. బిల్లులు లేని అమ్మమ్మల నాటి నగలకు గుర్తింపు పొందిన మదింపుదారుతో తూకం, క్యారెట్, విలువ రాయించి, ప్రతి నగకూ ఫొటో తీసి ఉంచుకోవాలి. ఆ కాగితాలు అదే లాకర్‌లో పెట్టకూడదు.

నా అభిప్రాయంలో పై 30 తులాల కుటుంబం రోజూ వేసుకునే నాలుగైదు తులాలు ఇంట్లో ఉంచి దానికి నగల కవర్ తీసుకుని, మిగతాది లాకర్‌లో పెట్టి దానికీ విడిగా బీమా చేయించాలి. ఏటా రెన్యువల్ అప్పుడు ఆనాటి ధరతో విలువ సవరించాలి. 20 లక్షలకు చేయించిన పాలసీ ధర పెరిగాక కూడా 20 లక్షల దగ్గరే ఆగుతుంది, మిగతా తేడా మన నష్టమే.