దొంతర బొమ్మలో క్యూబుల లెక్క: అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని రాయగడలో పిల్లలకు రీజనింగ్ చెబుతుంటాను. ఇక్కడ చాలా ఇళ్లలో మాట తెలుగు, బడిలో చదువు ఒడియా. ఎనిమిదో తరగతిలో ఎన్‌ఎమ్‌ఎమ్‌ఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష రాసేవాళ్లు, డిగ్రీ అయ్యాక రైల్వే ఉద్యోగాలకు చదివేవాళ్లు ఒకే గదిలో కూర్చుంటారు. దొంతరలుగా పేర్చిన క్యూబుల బొమ్మ చూపించి మొత్తం ఎన్ని అని అడిగే ప్రశ్న వచ్చేసరికి మాత్రం చిన్నా పెద్దా తేడా లేకుండా తడబడతారు. ఎన్‌ఎమ్‌ఎమ్‌ఎస్ మానసిక సామర్థ్య పరీక్షలో 90 ప్రశ్నలకు 90 నిమిషాలే ఇస్తారు. అంటే ప్రశ్నకు ఒక్క నిమిషం. అందుకే పిల్లలు అడ్డదారులు నేర్చుకుని వస్తారు. తప్పులు ఎక్కువగా పుట్టేది ఆ అడ్డదారుల్లోనే.

అపోహ: వెనక దాగిన క్యూబులు లెక్కపెట్టాలంటే బొమ్మను మనసులో తిప్పి చూడగలగాలి. అది కొందరికే వస్తుంది.

వాస్తవం: మనసులో ఏమీ తిప్పనక్కర్లేదు. నేల మీద గళ్లు గీసి, ఏ గడిలో ఎంత ఎత్తు దొంతర ఉందో అంకె వేస్తే చాలు. కనబడనివి ఆ అంకెల్లోకే వచ్చేస్తాయి.

ఒక బొమ్మ తీసుకుందాం. మూడు గళ్ల పొడవు, మూడు గళ్ల వెడల్పు ఉన్న నేల. మనం ముందు కుడి మూల వైపు నుంచి, కాస్త పైనుంచి చూస్తున్నాం. కాబట్టి ప్రతి క్యూబుకూ మనకు కనబడగలిగేవి మూడే ముఖాలు: పైది, ముందుది, కుడిది. వెనక ఎడమ మూల ఎత్తుగా ఉంది, మన వైపు వచ్చేకొద్దీ మెట్లుమెట్లుగా దిగుతోంది.

ఎప్పుడూ మనకు దగ్గరగా ఉన్న మూల నుంచే మొదలుపెట్టాలి. ముందు కుడి మూల దొంతర నేల దాకా కనిపిస్తుంది. అక్కడ ముందు వైపు నిలువు ముఖం ఒక్కటే ఉంది కనుక ఎత్తు 1. అక్కడి నుంచి ఎడమకు జరగండి. రెండు పైముఖాల మధ్య గోడ లేకపోతే ఎత్తు మారలేదు, మళ్లీ 1. ఆ పక్క గడికి వెళ్లేటప్పుడు మధ్యలో ఒక నిలువు ముఖం అడ్డొచ్చింది, అంటే ఒక మెట్టు ఎక్కాం, 2. ఇలా ఒక పైముఖం నుంచి పక్క పైముఖానికి వెళ్తూ మధ్యలో ఎన్ని నిలువు ముఖాలున్నాయో అన్ని మెట్లు కలుపుతూ పోవాలి. మన బొమ్మకు వచ్చే అంకెలు ఇవి:

వెనక వరస: 4, 3, 2
మధ్య వరస: 3, 2, 1
ముందు వరస: 2, 1, 1

కలిపితే 9, 6, 4. మొత్తం 19 క్యూబులు. సరిచూసుకోవడానికి అంతస్తుల వారీగా కూడా లెక్కపెట్టండి. కింద 9, దాని మీద 6, ఆ పైన 3, చిట్టచివర 1. అదీ 19. ఇంకో పరీక్ష కూడా ఉంది. వెనక ఎడమ మూలకు ముందు వరస మీదుగా వెళ్లినా, కుడి పక్క నుంచి వెళ్లినా 4 రావాలి. రెండు దారుల్లో రెండు అంకెలు వచ్చాయంటే మధ్యలో ఒక గోడను చూడకుండా దాటేశారని అర్థం.

ఇదే బొమ్మకు పిల్లలు రాసే తప్పు జవాబులు కూడా ఊరికే రావు. 9 అన్నవాడు పైముఖాలే లెక్కపెట్టాడు. 27 అన్నవాడు కనబడే ముఖాలన్నీ లెక్కపెట్టాడు: పైవి 9, ముందువి 9, కుడివి 9. 11 అన్నవాడు కాస్తయినా కనబడుతున్న క్యూబుల దగ్గర ఆగిపోయాడు. ప్రశ్న తయారుచేసేవాళ్లకు ఈ అలవాట్లు తెలుసు. ఆప్షన్లలో సరిగ్గా ఆ అంకెలే పెడతారు. కాబట్టి నా జవాబు ఆప్షన్లలో ఉంది, కరెక్టే అయ్యుంటుంది అన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

కొన్నిసార్లు పూర్తిగా దాగినవి ఎన్ని అని అడుగుతారు. 19 లోంచి 11 తీస్తే 8. నేరుగా కూడా చెప్పొచ్చు. ఇలా మెట్లుగా దిగే బొమ్మలో ఒక క్యూబు పూర్తిగా దాగాలంటే దాని మీద ఒకటి, ముందు ఒకటి, కుడి పక్కన ఒకటి ఉండి తీరాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఏదో ఒక ముఖం కనిపిస్తుంది. వెనక ఎడమ మూల దొంతరలో పైది కనిపిస్తుంది, కింది మూడూ దాగాయి. దాని కుడి పక్క దొంతరలో రెండు, ముందు దొంతరలో రెండు, నట్టనడిమి గడిలో ఒకటి దాగాయి. అంతే, ఎనిమిది. కుడి అంచులోనూ ముందు వరసలోనూ దాగేది ఒక్కటీ ఉండదు.

అపోహ: మెట్ల బొమ్మకు ఫార్ములా ఉంది, అంతస్తులు తెలిస్తే చాలు.

వాస్తవం: ఫార్ములాలు ఒకటికి రెండున్నాయి. ఏది పెట్టాలో అంతస్తుల సంఖ్య చెప్పదు. మూలకు ఆనించి పేర్చిన మెట్లు నాలుగు అంతస్తులైతే 1+3+6+10, మొత్తం 20. అలాగే మూలకు ఆనించి నిండు చదరాల మీద చదరాలు పేర్చినవైతే 1+4+9+16, మొత్తం 30. రెంటిలోనూ నాలుగే అంతస్తులు. తేడా తెలియాలంటే కింది అంతస్తు పైముఖాలు చూడాలి. మొదటి రకంలో అవి ఏటవాలు వరసగా 4 కనిపిస్తాయి. రెండో రకంలో రెండు అంచుల వెంబడి 7 కనిపిస్తాయి.

మనం లెక్కపెట్టిన బొమ్మ ఈ రెంటిలో దేనికీ చెందదు. దానికీ నాలుగు అంతస్తులున్నాయి, పైనుంచి 1, 3, 6 వరకు మొదటి రకంలాగే వస్తుంది. ఫార్ములా బట్టీపట్టినవాళ్లు అది చూసి 20 అనేస్తారు. కింది అంతస్తులో 10 కాదు, 9 ఉన్నాయని చూడరు. అందుకే నేను ఫార్ములాను జవాబు సరిచూసుకోవడానికి తప్ప వాడనివ్వను.

అపోహ: బొమ్మ జాగ్రత్తగా చూస్తే జవాబు ఎప్పుడూ ఒక్కటే వస్తుంది.

వాస్తవం: రాదు. దీన్ని నిదానంగా చూడాలి, ఎందుకంటే బాగా చదివే పిల్లలే ఇక్కడ ఎక్కువ ఇబ్బంది పడతారు. గుణుపురం వైపు నుంచి వచ్చే అమ్మాయి ఒకసారి అడిగింది: "మాస్టారూ, కింద ఉన్నది కనబడకపోయినా పైది నిలబడింది గనక ఉందనుకుంటాం. వెనక ఉన్నది కనబడకపోతే ఉందని ఎలా రాస్తాం?" అసలు ప్రశ్న అదే.

కింద దాగినదీ వెనక దాగినదీ ఒకటి కావు. క్యూబు గాలిలో నిలబడదు అన్న ఒప్పందం మీద కింది వాటిని లెక్కవేస్తాం. జిగురుతో అతికించిన క్యూబులని ప్రశ్నలో ఉంటే ఆ ఒప్పందం కూడా చెల్లదు. పైముఖం కూడా కనబడకుండా దొంతర మొత్తం వెనక దాగితే దాని గురించి బొమ్మ ఏమీ చెప్పదు.

ఐదు లూడో పాచికలు తెచ్చుకోండి. రెండు గళ్లు పొడవు, రెండు గళ్లు వెడల్పు నేల. ముందు కుడి గడిలో ఒకదాని మీద ఒకటి రెండు పాచికలు. దానికి ఎడమ పక్కన ఒకటి, దానికి సరిగ్గా వెనక ఒకటి. వెనక ఎడమ గడి ఖాళీ. దీన్ని ఐసోమెట్రిక్ బొమ్మగా గీయండి, అంటే మూడు వైపుల అంచులూ ఒకే పొడవుతో, ఒకదానికొకటి 120 డిగ్రీల్లో ఉండేలా. ఒంటరి పాచికల పైముఖాలు రెండూ సగం సగమే, త్రికోణాలుగా కనిపిస్తాయి. మిగతా సగాన్ని ముందున్న ఎత్తు దొంతర కప్పేసింది. ఇప్పుడు ఆ ఖాళీ గడిలో ఐదో పాచిక పెట్టి మళ్లీ గీయండి. బొమ్మలో ఒక్క గీత కూడా మారదు.

కారణం ఇది. ఐసోమెట్రిక్ బొమ్మలో ఒక గడి కుడికి, ఒక గడి ముందుకు, ఒక అంతస్తు పైకి జరిగితే కాగితం మీద మళ్లీ అదే చోటికి వస్తాం. కాబట్టి ముందు కుడి గడిలోని రెండో అంతస్తు పాచిక, వెనక ఎడమ గడిలోని మొదటి అంతస్తు పాచికను అంచుతో సహా కప్పేస్తుంది. జవాబు 4 కావచ్చు, 5 కావచ్చు. ఎంత తెలివైనవాడైనా ఆ బొమ్మ ఒక్కదాన్నే చూసి తేల్చలేడు.

బల్ల మీద దీన్ని చూపించాలంటే మూల వైపు నుంచి, నేలకు దాదాపు 35 డిగ్రీల ఎత్తులో, కాస్త దూరంగా నిలబడి ఒక కన్ను మూసి చూడాలి. దగ్గర నుంచి చూస్తే వెనకది చిన్నదిగా కనిపించి మాయ చెడుతుంది. ముందు ముఖాన్ని నిండు చదరంగా, లోతును సగానికి తగ్గించి 45 డిగ్రీల ఏటవాలు గీతలతో గీసే బొమ్మలో ఈ ఐదో పాచిక అంతగా దాగదు. దాని పైముఖంలో ఎడమ భాగం బయటపడుతుంది. అందుకే ముందుగా బొమ్మ ఏ పద్ధతిలో గీశారో చూడాలి.

అనుమానం ఎక్కడ పెట్టుకోవాలి? పైముఖాలన్నీ నిండుగా కనబడే బొమ్మలో, మన వైపుకు మెట్లు దిగుతూ వస్తే జవాబు ఒక్కటే, నిశ్చింతగా రాయొచ్చు. ఏదైనా పైముఖం త్రికోణంగా తెగి కనిపించిందంటే దాని ముందో పక్కనో ఎత్తు దొంతర అడ్డుగా ఉందన్నమాట. వెంటనే ఆ ఎత్తు దొంతర వెనక మూలగా ఉన్న గడి మీద వేలు పెట్టి, దీని పైముఖం నాకు కనిపిస్తోందా అని అడగాలి. కనబడకపోతే గళ్ల పటంలో ఆ గడిలో అంకె వేయకుండా ప్రశ్న గుర్తు పెట్టమంటాను.

ఆ తర్వాత ప్రశ్న మాటలు చదవాలి. "కనీసం ఎన్ని" అంటే 4. "గరిష్ఠంగా ఎన్ని" అంటే 5. దాగిన గళ్లన్నీ నిండి ఉన్నాయని రాసి ఉంటే 5. ఏమీ రాయకపోతే, కనబడుతున్న వాటిని మోయడానికి అవసరమైనవే వేసి తక్కువ సంఖ్య తీసుకుంటాం. అది ఆప్షన్లలో లేకపోతే నిండు సంఖ్య చూస్తాం. రెండూ ఉంటే ఆ ప్రశ్నకు మూడు నిమిషాలు పోయడం దండగ, తక్కువది పెట్టి ముందుకు సాగాలి.

ట్యూషన్లు చెప్పే తోటి మాస్టార్లకు ఒక మనవి. మోడల్ పేపర్లో ఇలాంటి బొమ్మ పెట్టేటప్పుడు కింద ఒక వాక్యం చేర్చండి: "బొమ్మలో కనబడని గళ్లు ఖాళీగా ఉన్నాయి" అనో, "నేల మీద ఖాళీ గడి లేదు" అనో. మన పాచికల బొమ్మకు మొదటి వాక్యం రాస్తే జవాబు 4, రెండోది రాస్తే 5.